సారె లేకుండానే కుండ: ప్రాథమిక బడిలో మట్టి తాళ్లతో రెండు పూటల పాఠం

బడికి కుమ్మరిని పిలిస్తే సాధారణంగా జరిగేది ఇది. ఆయన సారె తెస్తాడు, వరండాలో పెడతాడు, కర్రతో గిరగిరా తిప్పి ఐదు నిమిషాల్లో కుండ లేపుతాడు. పిల్లలు చప్పట్లు కొడతారు. తర్వాత ఒక్కొక్కరు వచ్చి తలా ఒక నిమిషం మట్టి మీద చేయి పెడతారు. ఆ చేయి మీద కుమ్మరి చేయి ఉంటుంది కాబట్టి కుండ నిలబడుతుంది, తీసేస్తే కూలిపోతుంది. ఫొటోలు దిగుతారు. సాయంత్రానికి పిల్లలకు మిగిలేది యూనిఫాం మీద మట్టి మరక, సారె తిరిగిన సంగతి. మట్టి ఎందుకు నిలబడిందో, ఎందుకు కూలిందో ఎవరికీ తెలియదు.

ఇందులో కుమ్మరి తప్పేం లేదు. సారె మీద చేయి కుదరాలంటే నెలలు పడుతుంది. ఏడెనిమిదేళ్ల పిల్లల మణికట్టుకు ఆ బలం ఉండదు కూడా. కానీ సారె కంటే పాత పద్ధతి ఒకటి ఉంది. మట్టిని తాడులా పేని, చుట్ట మీద చుట్ట పెట్టి గోడ లేపడం. ఇంగ్లిష్ మీడియం బడుల్లో దీన్ని కాయిల్ పాట్ అంటారు. చుట్ల కుండ అంటే మూడో తరగతి పిల్లలకూ వెంటనే అర్థమవుతుంది.

ఇది ఎక్కడి నుంచో తెచ్చిపెట్టిన పిల్లల ఆట కాదు. మణిపూర్‌లోని ఆంద్రో, థోంగ్‌జావో ఊళ్లలో ఆడవాళ్లు ఇప్పటికీ సారె లేకుండానే కుండలు చేస్తారు. థోంగ్‌జావోకు చెందిన నీలమణి దేవికి 2007లో పద్మశ్రీ వచ్చింది. అంత దూరం ఎందుకు, హైదరాబాద్ పాతబస్తీలో నాన్ రొట్టెలు కాల్చే దుకాణాలున్నాయి కదా. మట్టితో చేసే తందూర్ పొయ్యి కూడా చుట్ల కుండే, కాకపోతే చాలా పెద్దది. మట్టిలో గడ్డో, మేక వెంట్రుకలో కలిపి తొక్కి, చేతి లావు తాళ్లు పేని, ఒక వరుస పెట్టి అది కాస్త గట్టిపడ్డాక దాని మీద ఇంకో వరుస పెడుతూ కడతారు. అంత పెద్ద మట్టి గోడ సారె మీద రాదు. పిల్లలకు పాఠం మొదలుపెట్టేటప్పుడు ఈ పొయ్యి గురించి అడిగితే చాలు, సగం మంది చేతులు లేస్తాయి.

మన కుమ్మరులు చేసే నీళ్ల కుండ కూడా పూర్తిగా సారె మీద తయారయ్యేది కాదు. మూతి, మెడ సారె మీద వస్తాయి. కింద గుండ్రటి అడుగు మాత్రం లోపల రాయి పట్టుకుని, బయటి నుంచి చెక్కతో కొట్టి కొట్టి సాగదీస్తే వస్తుంది. అంటే కుమ్మరి పనితనం అంతా సారెలోనే లేదు. మట్టిని గుర్తుపట్టడంలో, అతుకు వేయడంలో, ఆరబెట్టడంలో, కాల్చడంలో ఉంది. ఈ నాలుగూ చుట్ల కుండలోనూ కావాలి. అందుకే కుమ్మరిని పిలవాలి, సారెను ఇంటి దగ్గరే ఉంచి రమ్మనాలి.

ఒక మండల కేంద్రంలోని ప్రాథమిక బడిని తీసుకుందాం. మూడో తరగతిలో 24 మంది పిల్లలు. తలా ఒక చిన్న కుండ. అడుగు వెడల్పు 8 సెంటీమీటర్లు, ఎత్తు 7 సెంటీమీటర్లు, గోడ మందం ఒక సెంటీమీటరు. ఇంత కుండకు పచ్చి మట్టి అర కిలోకు కొంచెం తక్కువే పడుతుంది. చేతులకు అంటుకునేది, విరిగేది, మళ్లీ చేసేది లెక్కేసుకుని తలా 600 గ్రాములు ఇస్తే సరిపోతుంది. 24 మందికి 14 కిలోల పైచిలుకు. కుమ్మరి చేసి చూపడానికి, అతుకుల గంజికి కలిపి 18 కిలోలు తెప్పించుకుంటే లోటుండదు.

ఈ మట్టిని బడివాళ్లు పక్క చెరువులో తవ్వుకు రావడం మంచిది కాదు. పట్టణం చెరువుల్లో మురుగు కలుస్తుంది, గాజు పెంకులుంటాయి. పైగా చెరువు మట్టి అంతా కుండ మట్టి కాదు. కుమ్మరి తెచ్చే మట్టికి వెనక చాలా పని ఉంటుంది. ఎండబెట్టి, గడ్డలు చితక్కొట్టి, నీళ్లలో నానేసి, రాళ్లు వేర్లు ఏరి, సన్న ఇసుక కలిపి కాళ్లతో తొక్కుతాడు. ఉత్త జిగురు మట్టి ఆరేటప్పుడు బాగా ముడుచుకుని పగులుతుంది. ఇసుక ఎక్కువైతే తాడు పేనగానే తునిగిపోతుంది. ఎంత కలపాలన్నది ఆ ఊరి మట్టిని బట్టి ఉంటుంది. ఒక ఊరి లెక్క ఇంకో ఊరికి పనికిరాదు. అది తెలిసినవాడు ఆ ఊరి కుమ్మరే.

మొదటి పూట కుండ చేయకూడదు. ఆ 45 నిమిషాలూ మట్టి పాఠమే. ప్రతి పిల్లవాడు పెన్సిల్ లావు మట్టి తాడు పేని చూపుడు వేలికి ఉంగరంలా చుట్టాలి. పగుళ్లు రాకుండా చుట్టుకుంటే మట్టి కుదిరినట్టు. పైన గీతల్లా చీలితే తడి తక్కువ, లేదా ఇసుక ఎక్కువ. వేలికే అంటుకుపోతే నీళ్లు ఎక్కువ. కుమ్మరి ఈ పరీక్షను రోజూ చూపుతోనే, చేత్తోనే చేసేస్తుంటాడు. పిల్లల ముందు ఒకసారి నోటితో చెప్పమంటే చాలు.

అదే పూట చేయదగ్గ రెండో పరీక్ష సున్నపు రాయిది. మట్టిలో కందిగింజంత తెల్ల రాయి ఒకటి ఉండిపోయిందనుకోండి. కుండ బాగానే ఆరుతుంది, బాగానే కాలుతుంది. నాలుగు రోజులకో వారానికో పక్కన పెచ్చు ఊడి పడుతుంది, అక్కడ తెల్లటి చుక్క కనిపిస్తుంది. ఆవంలో ఆ రాయి కాలి పొడి సున్నంగా మారుతుంది. తర్వాత గాలిలో తేమ పీల్చుకుని ఉబ్బుతుంది, ఉబ్బి గోడను తోస్తుంది. మట్టిలో ఏరిన తెల్ల రాళ్ల మీద రెండు చుక్కల వెనిగర్ వేసి చూస్తే తెలిసిపోతుంది. బుసబుసమని నురగ వస్తే అది సున్నపు రాయి. నురగ రాకపోతే మామూలు పలుగు రాయి, దానితో ఆ భయం లేదు. కుమ్మరి ఎందుకంత ఓపిగ్గా రాళ్లు ఏరుతాడో పిల్లలకు ఇక వేరే చెప్పక్కర్లేదు.

రెండో పూట అసలు పని. దీనికి గంటంబావు నుంచి గంటన్నర కావాలి, పీరియడ్ గంటకు కట్టుబడితే కుదరదు. ఒక్కొక్కరి ముందు ఒక అట్ట, దాని మీద పాత న్యూస్‌పేపర్. పేపర్ లేకుండా నేరుగా అట్ట మీదో బండ మీదో చేస్తే అడుగు అతుక్కుపోతుంది. మట్టి ఆరేటప్పుడు లోపలికి ముడుచుకోవాలని చూస్తుంది, అతుక్కున్న అడుగు కదలనివ్వదు. చివరికి నట్టనడుమ పగులుతుంది. పేపర్ ఉంటే మట్టితో పాటు అది కూడా జరుగుతుంది.

ముందు మట్టి ముద్దను రొట్టెలా తట్టి సెంటీమీటరు మందం అడుగు చేసుకోవాలి. గుండ్రంగా రావడానికి స్టీలు గ్లాసునో గిన్నెనో బోర్లించి చుట్టూ కోస్తే సరి. తర్వాత తాడు. చిటికెన వేలి కంటే కొంచెం లావుగా, ఒక చివరి నుంచి ఇంకో చివరి దాకా ఒకే లావులో ఉండాలి. ఇక్కడే పిల్లలందరూ ఒకే పొరపాటు చేస్తారు. వేళ్ల కొసలతో ఒక్క చోటే నొక్కి దొర్లిస్తారు. తాడు నడుమ సన్నబడి తునుగుతుంది, లేదా బల్లపరుపుగా పట్టీ అయిపోతుంది. "వేళ్లతోని కాదు బిడ్డా, అరచేతులు వెడల్పుగ పెట్టు, నడుమ నుంచి బయటికి జరుపుకుంట పో" అని కుమ్మరి తాత ఒకసారి చెయ్యి పట్టుకుని చూపితే రెండో తాడుకే కుదురుతుంది.

అడుగు చుట్టూ ఒక చుట్టకు పాతిక సెంటీమీటర్ల తాడు పడుతుంది. పిల్లలతో ముందే దారం పెట్టి కొలిపిస్తే వెడల్పుకు మూడు రెట్ల కంటే కొంచెం ఎక్కువ అని వాళ్లే చెప్తారు. వృత్తం లెక్క పుస్తకంలోకి రావడానికి ఇంకా ఏళ్లు పడుతుంది, ఇక్కడ మాత్రం తాడు చాలకపోతే కుండే ఒప్పుకోదు. ఏడెనిమిది చుట్టలకు కావలసిన ఎత్తు వస్తుంది.

కుండ బతకడం, చావడం అతుకులోనే ఉంది. తాడు మీద తాడు ఊరికే పెడితే తడిగా ఉన్నప్పుడు అంటుకున్నట్టే కనిపిస్తుంది. ఆరాక వరుసలు వరుసలుగా విడిపోతుంది. అందుకే మూడు పనులు చేయాలి. కింది చుట్ట మీద, పెట్టబోయే తాడు కింద పుల్లతో గరుకుగా గీతలు గీయాలి. ఆ గీతల్లో గంజి లాంటి పల్చటి మట్టి రాయాలి. తాడు పెట్టాక, ఇది అన్నింటికంటే ముఖ్యం, లోపలి వైపు బొటనవేలితో పై తాడు మట్టిని కింది తాడు మీదికి లాగి పామాలి. లోపల గీత కనిపించకూడదు. బయట చుట్టలు అలాగే ఉంచుకున్నా నష్టం లేదు, చూడ్డానికి బాగుంటాయి. చాలామంది పిల్లలు దీనికి తిరగేసి చేస్తారు, అందం కోసం బయట నున్నగా పామి లోపల వదిలేస్తారు. టీచర్ చేయాల్సిన తనిఖీ ఒక్కటే, ప్రతి రెండు చుట్టలకొకసారి కుండలోకి తొంగి చూడటం.

తాడు చివరలు కలిసే చోటు కూడా ప్రతి వరుసలో ఒకే వైపు రాకూడదు. గోడ కట్టే మేస్త్రీ ఇటుకల సందులు ఒకదాని మీద ఒకటి రానీయడు కదా, అదే సంగతి. ఇంట్లో ఎవరైనా తాపీ పని చేసే పిల్లవాడుంటే ఈ మాట వాడే చెప్తాడు.

నాలుగు చుట్టలయ్యాక ఆపాలి. ఇది పిల్లలకు నచ్చని భాగం. తడి గోడ మీద బరువు పెరిగేకొద్దీ కింద ఉబ్బి, ఒక పక్కకు వాలి కూర్చుంటుంది. ఒక పావుగంట, ఇరవై నిమిషాలు ఆగితే కింది గోడ కాస్త బిగుస్తుంది. ఆలోపు పై అంచు మాత్రం ఎండకుండా తడి గుడ్డ వేసి ఉంచాలి, లేదంటే తర్వాతి తాడు అతకదు. తందూర్ కట్టేవాళ్లు వరుసకీ వరుసకీ మధ్య ఆగేది ఇందుకే. ఆ ఖాళీలో కుండలకు ఎవరేమంటారో అడిగితే సమయం తెలియదు. కుండ, కడవ, ముంత, పిడత, కూజా, రంజన్ ఒకరంటారు. మట్కా, ఘడా, సురాహీ ఇంకొకరంటారు. సురాహీ మెడ ఎందుకంత సన్నం, రంజన్ నోరు ఎందుకంత వెడల్పు అని అడిగితే జవాబులు వాళ్ల దగ్గరే ఉంటాయి.

మిగతా చుట్టల్లో చాలా కుండలు పళ్లెంలా పరుచుకుంటాయి. పామేటప్పుడు బొటనవేలు గోడను బయటికి తోస్తుంది కాబట్టి అలా జరుగుతుంది. తాడును కింది చుట్టకు సరిగ్గా పైన కాకుండా కొంచెం లోపలి అంచు మీద పెడితే, బయటి నుంచి ఇంకో అరచేయి ఆనిస్తే గోడ నిటారుగా లేస్తుంది. కావాలని వెడల్పు చేయాలంటే బయటి అంచు మీద పెట్టాలి. కుండ ఆకారం అంతా ఈ ఒక్క కీలులోనే ఉంది.

చివర్లో అడుగున పుల్లతో రోల్ నంబర్ చెక్కించాలి. స్కెచ్ పెన్‌తో రాస్తే ఆవంలో కాలిపోతుంది, ఎవరి కుండ ఎవరిదో తేలక కొట్లాట.

ఇంకో పని కూడా ఆరోజే చేయాలి. అదే మట్టితో ఒక పట్టీ చేసి దాని మీద స్కేలుతో సరిగ్గా 10 సెంటీమీటర్ల గీత గీసి పక్కన పెట్టాలి. ఒక కుండను తూకం వేసి బోర్డు మీద రాయాలి. వారం తర్వాత ఆ గీతను కొలిస్తే తొమ్మిదిన్నర దగ్గరో, అంతకంటే తక్కువో ఉంటుంది. స్కేలు మారలేదు, గీత మారింది. 500 గ్రాములున్న కుండ 400 దగ్గరికి వస్తుంది. పోయిన ఆ వంద గ్రాములూ నీళ్లే. గ్లాసులో 100 మిల్లీలీటర్ల నీళ్లు పోసి చూపి, ఇన్ని నీళ్లు ఆ కుండ గోడలోంచి గాల్లోకి పోయాయంటే పిల్లలు కుండను ఎత్తి చూస్తారు.

ఆరబెట్టడం నీడలో జరగాలి, తొందర పడకూడదు. ఎండలో పెడితే అంచు ముందే ఎండి ముడుచుకుంటుంది, అడుగు ఇంకా తడిగా ఉంటుంది. మధ్యలో పగులు వస్తుంది. మొదటి రెండు రోజులు పైన ప్లాస్టిక్ కవర్ వదులుగా కప్పి, తర్వాత తీసేసి, ఇంకో ఐదారు రోజులు గదిలోనే ఉంచితే సరిపోతుంది. ఆరిందో లేదో తెలుసుకోడానికి కుండను చెంపకు ఆనించి చూడాలి. చల్లగా తగిలితే లోపల ఇంకా తేమ ఉంది, అది ఆవిరవుతూ చల్లదనాన్ని ఇస్తోంది. గది వేడే ఉంటే ఆరినట్టు. వానాకాలంలో ఈ పని పెట్టుకోవద్దనేది ఇందుకే. డిసెంబర్ నుంచి ఫిబ్రవరి దాకా అనువైన కాలం. గాలి పొడిగా ఉంటుంది, కుమ్మరికి కూడా బోనాల కుండల, దీపావళి ప్రమిదల హడావుడి ఉండదు, ఎండాకాలం రంజన్ల గిరాకీ ఇంకా మొదలవదు.

ఎండిన కుండను ఉప్పుకాగితంతో రుద్దనివ్వకూడదు. ఆ దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు. గదిని కూడా చీపురుతో ఊడ్చకుండా తడిగుడ్డతో తుడవాలి.

కాల్చేముందు ఒక చిన్న ప్రయోగం. ఎండిన తాడు ముక్క ఒకటి, పగిలిన పాత కుండ పెంకు ఒకటి చెరో గ్లాసు నీళ్లలో వేయాలి. కొద్ది నిమిషాల్లోనే తాడు ముక్క బుడగలు వదులుతూ కరిగి అడుగున బురదవుతుంది. పెంకు అలాగే ఉంటుంది. రెండూ మట్టే, రెండూ గట్టివే. కానీ దాదాపు 600 డిగ్రీల వేడి దాటాక మట్టి రేణువుల్లోనే కలిసిపోయి ఉన్న నీరు కూడా వదిలిపోతుంది, ఆ తర్వాత మళ్లీ మట్టిగా మారదు. పిడకలు, వరిగడ్డి, కట్టె పేర్చి కాల్చే ఆవం వేడి మామూలుగా 700, 800 డిగ్రీల దగ్గరికి వెళ్తుంది. ఇంటి ఓవెన్‌లో పెడితే కుండ ఎండుతుంది తప్ప కాలదు.

ఆవం పిల్లలు చూడదగ్గదే కానీ దూరం నుంచి. బడిలో మంట పెట్టడం కంటే, కుమ్మరి తన సరుకు కాల్చేటప్పుడు ఈ 24 కుండలూ అందులో సర్దమనడం తెలివైన పని. కాల్చేటప్పుడు కుండ పేలితే లోపల గాలి బుడగ ఉందని అంటుంటారు. ఎక్కువసార్లు అసలు కారణం తేమ. నీళ్లు ఆవిరై బయటికి పోయే దారి లేక గోడను చీలుస్తాయి. అందుకే కుమ్మరి మొదట సెగ మాత్రమే తగలనిస్తాడు, మంట తర్వాత. పిల్లల కుండల్లో అడుగే మందంగా ఉంటుంది, పేలితే అక్కడే పేలుతుంది.

కాలిన చుట్ల కుండ నీళ్లు పట్టదు, చెమరుస్తుంది, కారుతుంది. అన్నం కూరలకూ వాడకూడదు, ముఖ్యంగా రంగులు పూశాక. రంగు కావాలంటే కాల్చకముందే ఎర్రమట్టి పూత వేయించవచ్చు. పెన్సిళ్లు పెట్టుకోడానికో మెంతులు మొలకెత్తించడానికో ఈ కుండ బాగా పనికొస్తుంది. నీళ్లు చెమర్చడమే మొక్కకు మేలు.

ఇక డబ్బు సంగతి. బడివాళ్లు చాలాసార్లు కుమ్మరికి శాలువా కప్పి పంపిస్తారు. శాలువాతో పూట గడవదు. ఆయన రెండు పూటలు పని మానుకుని వచ్చాడు, మట్టి ఇచ్చాడు, ఆవంలో తన కుండల చోటు వదులుకున్నాడు. రెండు రోజుల కూలి, మట్టి ఖరీదు, కాల్చిన ఖర్చు విడివిడిగా రాసి ముందే మాట్లాడుకోవాలి. జాతీయ విద్యా విధానం 2020 కుమ్మరి, వడ్రంగి వంటి పనివాళ్ల దగ్గర పిల్లలు పది రోజులు నేర్చుకోవాలని చెప్పింది, కానీ అది 6 నుంచి 8 తరగతుల వారికి. ప్రాథమిక బడి తన ఖర్చు తానే చూసుకోవాలి. ఇరవై నలుగురి మీద పంచితే అది బజారులో కొనే ప్లాస్టిక్ క్లే డబ్బాల ఖర్చు కంటే పెద్ద తేడాగా ఉండదు. తరగతిలో కుమ్మరి ఇంటి పిల్లవాడు ఉంటే ఇంకో జాగ్రత్త కూడా కావాలి. వాడిని అందరి ముందు నిలబెట్టి "నీకు వచ్చు కదా, చెయ్" అనకూడదు. వాడికి రాకపోవచ్చు, వచ్చినా చెప్పుకోవడం ఇష్టం లేకపోవచ్చు. వాళ్ల తాతను టీచర్ నలుగురి ముందు "మీరు చెప్పండి" అని అడుగుతుంటే వాడు వింటాడు, అది చాలు.

24 కుండల్లో కొన్ని పగిలే వస్తాయి. ఆ మాట ఆవం పెట్టకముందే పిల్లలకు చెప్పి ఉంచాలి. పగిలినవాళ్లు తమ పెంకులను తెచ్చి విరిగిన అంచును చూడాలి. విరుపు చుట్టకీ చుట్టకీ మధ్య సాఫీగా ఉంటే అతుకు సరిగ్గా పామలేదు. గోడను అడ్డంగా కోసుకుపోతే తేమో, అడుగు మందమో. తెల్ల చుక్క ఉంటే సున్నపు రాయి. చూశాక పెంకులు పారేయనక్కర్లేదు. కుమ్మరి ఆవం పేర్చాక పైన కప్పేది పాత పెంకులతోనే. అవి ఆయనకు ఇచ్చేస్తే వచ్చే ఆవంలో ఇంకెవరి కుండల మీదో సెగ నిలబెడతాయి.